షాపు అప్పు పిల్లల డబ్బు దాకా రాకుండా

ప్రశ్న: మాది హన్మకొండ. మా ఆయనకు 38 ఏళ్లు, వరంగల్‌లో ఎలక్ట్రికల్ షాపు ఉంది. దాని మీద రూ.12 లక్షల బ్యాంకు లోన్ నడుస్తోంది. నాకు 34, ఇల్లు చూసుకుంటాను. ఇద్దరు పిల్లలు, చిన్నవాడికి ఆరేళ్లు. ఇంటి ఖర్చు నెలకు రూ.25 వేలు. అది పోను రూ.4 వేలు మిగిల్చి మా కాలనీలో చిట్టీ కడుతున్నా. ఆయన ఇప్పుడు రూ.50 లక్షల టర్మ్ పాలసీ తీసుకుంటానంటున్నారు. నామినీగా నా పేరు ఉంటే సరిపోతుందా?

జవాబు: ఉద్యోగం చేసేవాళ్ల ఇంట్లో అయితే చాలావరకు సరిపోతుందని చెప్పేవాణ్ని. వ్యాపారం ఉన్న ఇంట్లో సరిపోదు. నామినీ పేరును ఆయన ఎప్పుడైనా మార్చుకోవచ్చు. రేపు షాపుకు డబ్బు అవసరమైతే అదే పాలసీని అప్పు కింద ఇంకొకరి పేర రాసివ్వొచ్చు. రెండూ మీకు తెలియకుండానే జరిగిపోవచ్చు. మీ ఆయన అలాంటివారని కాదు, వ్యాపారం ఇబ్బందుల్లో పడ్డప్పుడు ఎవరైనా ముందు చేతికి అందిందే వాడతారు.

దీనికి 1874 నాటి వివాహిత మహిళల ఆస్తి చట్టంలో దారి ఉంది. ఏజెంట్లు ఎండబ్ల్యూపీ అంటారు. భర్త తన మీద తీసుకునే పాలసీని ఈ చట్టం కింద భార్యాపిల్లల కోసం రాస్తే, అది వాళ్ల కోసం పెట్టిన ట్రస్టు అవుతుంది. ఆ సొమ్ము ఆయన ఆస్తి లెక్కలోకి రాదు, కాబట్టి ఆయన అప్పులవాళ్లు దాన్ని అడగలేరు. పాలసీని తాకట్టు పెట్టడం కూడా ఆయన చేతిలో ఉండదు.

పని పెద్దదేమీ కాదు. పాలసీకి దరఖాస్తు చేసేటప్పుడే ఎండబ్ల్యూపీ ఫారం అడిగి తీసుకోండి. అందులో ఎవరికి ఎంత వాటా, ట్రస్టీ ఎవరు అన్నవి రాయాలి. పిల్లలు మైనర్లు కాబట్టి ట్రస్టీగా మీరే ఉండొచ్చు. బాండ్ చేతికి రాగానే దాని మీద ఎండబ్ల్యూపీ అని ఉందో లేదో చూసుకోండి. లేకపోతే 30 రోజుల ఫ్రీ లుక్ గడువులోనే వెనక్కి పంపొచ్చు. ఆ తర్వాత అడిగితే కుదరదు, పాత పాలసీలకూ ఇది చేర్చరు. ఒకసారి రాశాక పేర్లు మార్చడానికీ ఉండదు, అందుకే వాటాలు ముందే ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి.

ఇంత చేసినా ఒక చిక్కు మిగిలే ఉంటుంది. షాపు లోన్ కాగితాల్లో గ్యారంటర్‌గానో, కో-అప్లికెంట్‌గానో మీ సంతకం ఉందా? ఉంటే ఆ అప్పు మీది కూడా. అప్పుడు క్లెయిమ్ సొమ్ము మీ ఖాతాలో పడ్డాక బ్యాంకు మిమ్మల్నే అడుగుతుంది. చాలామంది ఆడవాళ్లకు తాము ఎక్కడ సంతకం పెట్టారో కూడా గుర్తుండదు. బ్రాంచికి వెళ్లి శాంక్షన్ లెటర్ కాపీ అడిగి చదవండి.

అందుకే రూ.50 లక్షలు నాకు తక్కువే అనిపిస్తోంది. ఏడాదికి ఇంటి ఖర్చు రూ.3 లక్షలు. చిన్నవాడు చదువు ముగించడానికి 16 ఏళ్లు వేసుకుంటే రూ.48 లక్షలు అవుతుంది. ధరలు పెరిగేదీ, డిపాజిట్ మీద వచ్చే వడ్డీ కొట్టేసుకుపోతాయనుకుందాం. లోన్ రూ.12 లక్షలు, పిల్లల పైచదువులకు మరో రూ.15 లక్షలు కలిపితే మొత్తం రూ.75 లక్షలు. పాలసీ ఆయన 60వ ఏట వరకు ఉంటే చాలు.

ఇక మీ రూ.4 వేలు. ఆ కాలనీ చిట్టీ చిట్స్ రిజిస్ట్రార్ దగ్గర నమోదైందా అని అడగండి. నమోదు లేకపోతే, నడిపే ఆవిడ ఎంత మంచిదైనా, ఆగిపోయిన రోజున మీ చేతిలో ఉండేది రాసుకున్న నోట్‌బుక్కే. కడుతున్నది పూర్తి చేసుకోండి, కొత్తది మాత్రం వేయకండి. తర్వాత మీ ఒక్కరి పేరు మీదే ఖాతా తెరిచి రికరింగ్ డిపాజిట్ కట్టండి. 19 నెలల్లో రూ.76 వేలు, అంటే మూడు నెలల ఇంటి ఖర్చు అవుతుంది. అది చేతిలో ఉన్నాక నెలనెలా పీపీఎఫ్‌లో వేయండి. ఆ ఖాతాను మాత్రం రూ.500తో ఇప్పుడే తెరిచి, ఏటా అంతే కడుతూ ఉంచండి. 15 ఏళ్ల గడువు ఈ ఏడాది నుంచే లెక్కకు వస్తుంది. మీ పేర ఉన్న పీపీఎఫ్‌ను అప్పుల కోసం కోర్టు కూడా జప్తు చేయలేదు, పైన చెప్పిన గ్యారంటీ సంతకం ఉన్నా సరే.

మీ మీద కూడా బీమా కావాలి. మీరు లేకపోతే పిల్లల్ని చూసుకోవడానికి ఆయన షాపు సగం పూట మూసుకోవాల్సి వస్తుంది. సొంత ఆదాయం లేనివాళ్లకు పెద్ద టర్మ్ పాలసీ దొరకడం కష్టం. మీ కొత్త ఖాతా నుంచే ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమాకు ఏడాదికి రూ.436, ప్రమాద బీమాకు రూ.20 కట్టండి, ఒక్కోదానికి రూ.2 లక్షల కవరేజీ ఉంటుంది. రెండూ జూన్ 1 నుంచి కొత్త ఏడాదికి వెళ్తాయి. మే నెలలో ఖాతాలో కనీసం రూ.500 ఉండేలా చూసుకోండి, లేకపోతే రెన్యువల్ జరగదు.