అదనపు సమయానికి ఒక రుజువు, రీడర్‌కు మరొకటి

ప్రశ్న: మా అమ్మాయికి పదిహేనేళ్లు. నోటితో అడిగితే అన్నీ చెబుతుంది, చదవడం, రాయడం మాత్రం చాలా నిదానం. సైకాలజిస్టు పరీక్షించి, ప్రాసెసింగ్ వేగం, అంటే చూసినదాన్ని గ్రహించి పని పూర్తిచేసే వేగం, తక్కువగా ఉంది కాబట్టి పరీక్షల్లో అదనపు సమయం, ప్రశ్నపత్రం చదివి వినిపించే రీడర్ ఇవ్వాలని బోర్డుకు ఉత్తరం రాశారు. ఆధారాలు చాలవని బోర్డు దాన్ని తిప్పి పంపింది. నివేదిక, ఉత్తరం జత చేస్తున్నాను. ఇంకేం రాయించాలి? – ఒక తల్లి

జవాబు: రెండూ చదివాను. కావలసిన ఆధారాల్లో చాలావరకు నివేదికలోనే ఉన్నాయి, అవి ఉత్తరంలోకి రాలేదు. ఉత్తరం ఒకే కారణం చెప్పి రెండు సదుపాయాలు అడిగింది. ప్రాసెసింగ్ వేగం తక్కువని తేలితే ఎక్కువ సమయం ఎందుకు కావాలో అర్థమవుతుంది. రీడర్ ఎందుకో దానితో తేలదు. చకచకా చదివి, నిదానంగా రాసే పిల్లలూ ఉంటారు, వాళ్లకు రీడర్ వల్ల ఒరిగేది ఏమీ లేదు. మీ అమ్మాయి ఏ కోవకు చెందుతుందో ఆ ఉత్తరం చదివినవారికి తెలియదు. అందుకే ఈసారి ఒక్కొక్క సదుపాయానికి విడిగా రుజువు ఇవ్వమని సైకాలజిస్టును అడగండి.

ముందు సమయం సంగతి. ఉత్తరంలో ‘వేగం తక్కువ’ అన్న మాటే ఉంది. నివేదికలో అంకె ఉంది: 76. ఈ పరీక్షల్లో సగటు 100. 76 అంటే అదే వయసు పిల్లలు వంద మందిలో అంతకన్నా తక్కువ వేగం ఉన్నవారు దాదాపు ఐదుగురే. ‘5వ పర్సంటైల్’ అని రాసింది అందుకే, అది నూటికి ఐదు మార్కులు కాదు. అదే నివేదికలో మాటల ద్వారా అర్థం చేసుకునే శక్తి 108, అంటే సగటుకు పైనే. ఈ రెండు అంకెలూ ఒకే వాక్యంలో పక్కపక్కన ఉంటే, విషయం తెలిసి కూడా సమయం చాలక మార్కులు పోగొట్టుకుంటున్న పిల్ల కళ్లకు కడుతుంది.

ఇక్కడ ఒక అనుమానం రావచ్చు. ఆ వేగాన్ని కొలిచిన రెండు పరీక్షలూ పెన్సిల్‌తో చేసేవే. ఒకదానిలో అంకెల కింద గుర్తులు వేయాలి, మరొకదానిలో వరుసలోని గుర్తులను వెతికి పట్టుకోవాలి. ఒక్కోదానికి రెండు నిమిషాలే గడువు. చెయ్యి నిదానమైనా అంకె పడిపోతుంది. అయితే అక్షరాలను, అంకెలను గబగబా పైకి చదివించే పరీక్షలో కూడా మీ అమ్మాయికి 78 వచ్చింది. అందులో పెన్సిల్‌తో పనే లేదు. నా దృష్టిలో నివేదిక మొత్తంలో చాలా విలువైన అంకె అదే. అది మూడో పేజీలో ఒక మూల ఉండిపోయింది, ఉత్తరంలో దాని ఊసే లేదు.

అంకెలతో పాటు తరగతి గది సాక్ష్యం కూడా కావాలి. బడిలో మూడు గంటల నమూనా పరీక్ష పెట్టమనండి. 180 నిమిషాలు కాగానే నీలం పెన్ను తీసుకుని ఆకుపచ్చ పెన్ను ఇవ్వాలి, ఇంకో 45 నిమిషాలు రాయనివ్వాలి. నీలం సిరాకు ఎన్ని మార్కులు వచ్చాయో, ఆకుపచ్చ సిరాతో ఎన్ని కలిశాయో టీచరు విడిగా లెక్కవేసి సంతకం చేయాలి. ఆకుపచ్చ సిరాలో కొత్త జవాబులు ఉంటే అది గట్టి సాక్ష్యం. రాసిందాన్నే దిద్దుకుంటూ కూర్చుంటే మరో పేపరుతో మళ్లీ చూడాలి.

రీడర్ విషయం ఇంత తేలిక కాదు. మీ అమ్మాయి పదాలను తప్పుల్లేకుండా చదువుతోంది: 96. చదివే వేగం మాత్రం 74. గడువు పెట్టి చదివిస్తే అర్థం చేసుకున్నది 79, గడువు లేకుండా చదివిస్తే 103. ఈ చివరి రెండు అంకెలను జాగ్రత్తగా చూడండి. సమయం ఇస్తే చక్కగా చదువుకుంటోంది కదా, ఇక రీడర్ ఎందుకని బోర్డు అడుగుతుంది. అడగవలసిన ప్రశ్నే అది. ఉత్తరం దాన్ని దాటవేయకుండా ఎదుర్కోవాలి.

జవాబు లెక్కలో ఉంది. పెద్ద పేరాలున్న ప్రశ్నపత్రంలో 1,800 పదాలు ఉన్నాయనుకుందాం. మీ అమ్మాయి నిమిషానికి 90 పదాలు చదువుతుందని నివేదికలో ఉంది. ఒకసారి చదవడానికే 20 నిమిషాలు. పేరా చివరికి వచ్చేసరికి మొదలు జారిపోతుంది కాబట్టి మూడుసార్లు చదువుతుందని టీచరు రాశారు, అంటే గంట. నిమిషానికి 200 పదాలు చదివే విద్యార్థి రెండుసార్లు చదివినా 18 నిమిషాలు చాలు. తేడా 42 నిమిషాలు. అడిగిన అదనపు సమయమే 45. అది దాదాపు మొత్తం చదవడానికే పోతే ఆలోచించడానికి, రాయడానికి మిగిలేది మూడు నిమిషాలు. రీడర్‌ను అడగడానికి నిజమైన కారణం ఇదే.

అయితే వినడం కూడా మెదడు చేసే పనే. విన్నదాన్ని పట్టుకోవడమూ నిదానమైతే రీడర్ కొత్త భారం అవుతారు. కాబట్టి వేర్వేరు రోజుల్లో ఒకే స్థాయి పేపర్లు మూడు పెట్టించండి: ఒకటి మామూలు సమయంలో, ఒకటి 45 నిమిషాలు కలిపి, ఒకటి ఆ 45 నిమిషాలతో పాటు రీడర్‌ను పెట్టి. మూడోది రెండోదానికన్నా మెరుగ్గా లేకపోతే రీడర్ కోరిక మానుకోమని నా సలహా. అక్కరలేని సదుపాయాన్ని అడిగితే, అవసరమైన అదనపు సమయం మీద కూడా నమ్మకం పోతుంది. మూడోది మెరుగ్గా ఉంటే సైకాలజిస్టు ఇలా రాయవచ్చు:

‘ఈమె పదాలను సరిగానే గుర్తిస్తుంది, చదివే వేగం మాత్రం 4వ పర్సంటైల్‌లో ఉంది. పెద్ద పేరాలున్న పేపర్లలో అదనపు సమయం దాదాపు అంతా చదవడానికే ఖర్చవుతోంది. రీడర్‌తో రాసిన నమూనా పరీక్షలో ఆ సమయం జవాబులకు మిగిలింది, మార్కుల పట్టిక జతచేశాం. అందువల్ల అన్ని పేపర్లకు 25 శాతం అదనపు సమయం, పెద్ద పేరాలున్న పేపర్లకు రీడర్‌ను సిఫారసు చేస్తున్నాను.’

చివరి వాక్యం గమనించండి. లెక్కల పేపరుకు రీడర్ అడగలేదు, పదాలు తక్కువ కాబట్టి అక్కడ అవసరం కనిపించదు. భాషా పేపరులో చదివే సామర్థ్యాన్నే కొలిచే భాగం ఉంటే, అక్కడ రీడర్‌ను అనుమతించకపోవచ్చు. ఆ భాగానికి సమయం మాత్రమే అడగడం మేలు.

ఉత్తరంలో పరీక్షల పేర్లు, పెట్టిన తేదీలు, సైకాలజిస్టు అర్హత, రిజిస్ట్రేషన్ సంఖ్య ఉండాలి. ‘చాలా తెలివైన పిల్ల, కష్టపడుతుంది’ అన్న పేరా తీసేయించవచ్చు. అది నిజమే, కానీ ఆ చోటులో మార్కుల పట్టిక ఉంటే ఎక్కువ పనికొస్తుంది. బోర్డు ఫారాన్ని బడి ద్వారానే పంపాలా, గడువు ఎప్పటివరకు అన్నది ముందే కనుక్కోండి, మూడు నమూనా పరీక్షలకే వారాలు పడతాయి.

అనుమతి వచ్చాక కూడా రీడర్‌తో కనీసం నాలుగైదు పేపర్లు సాధన చేయించండి. రీడర్ ప్రశ్నను ఉన్నది ఉన్నట్టు చదువుతారు, అర్థం చెప్పరు, ముఖ్యమైన పదాన్ని ఒత్తి పలకరు. ‘రెండో వాక్యం మళ్లీ చదవండి’, ‘ఇంకా నిదానంగా’ అని అడగడం మీ అమ్మాయికి మొదట మొహమాటంగా ఉంటుంది. ఆ మొహమాటం నమూనా పరీక్షల్లోనే పోవాలి.