అమెరికాలో చేసిన సీపీఎల్ ఇక్కడ పనికొస్తుందా?

ప్రశ్న: మా తమ్ముడు ఇంటర్ ఎంపీసీ అయిపోయాడు. అమెరికాలో ఏడాదిలో పైలట్ లైసెన్స్ చేయిస్తాం, 45 లక్షలు అవుతుంది అంటున్నారు కన్సల్టెన్సీ వాళ్లు. ఆ లైసెన్స్ ఇండియాలో చెల్లుతుందా? ఉద్యోగం వస్తుందా? నాన్న పొలం తాకట్టు పెడదామంటున్నారు.

జవాబు:

చెల్లుతుందండీ, కానీ నేరుగా కాదు. అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ ఇచ్చిన సీపీఎల్‌ను, అంటే కమర్షియల్ పైలట్ లైసెన్స్‌ను, మన దేశపు నియంత్రణ సంస్థ డీజీసీఏ దగ్గర ఇండియన్ సీపీఎల్‌గా మార్చుకోవాలి. అప్పుడే ఇక్కడి ఎయిర్‌లైన్‌కి దరఖాస్తు పెట్టుకోగలరు. చాలామందికి డబ్బు, నెలలు కరిగిపోయేది ఈ మార్పిడి దగ్గరే. కన్సల్టెన్సీ చెప్పే మొత్తంలో ఆ ఖర్చు సాధారణంగా ఉండదు.

అసలు చిక్కు ఎగిరిన గంటలు రాసుకునే లాగ్‌బుక్‌లో ఉంది. డీజీసీఏ సీపీఎల్‌కి మొత్తం 200 గంటలు కావాలి. అందులో 100 గంటలు పీఐసీగా, అంటే విమానం బాధ్యత పూర్తిగా మీ తమ్ముడిదై, ఎగిరి ఉండాలి. ఈ పీఐసీ అనే మాటకి రెండు దేశాల్లో అర్థం వేరు. అమెరికా నిబంధన ప్రకారం ప్రైవేట్ పైలట్ లైసెన్స్ వచ్చాక, పక్కన ఇన్‌స్ట్రక్టర్ కూర్చుని నేర్పుతున్నా సరే, కంట్రోల్స్ తన చేతిలో ఉంటే ఆ సమయాన్ని పీఐసీ గడిలో రాసుకోవచ్చు. తోటి విద్యార్థి బయట కనిపించకుండా కళ్లకు హుడ్ పెట్టుకుని, మీటర్లు మాత్రమే చూస్తూ నడిపే ఇన్‌స్ట్రుమెంట్ ప్రాక్టీస్ చేస్తుంటే, పక్కన సేఫ్టీ పైలట్‌గా కూర్చున్నవాడు కూడా తన పుస్తకంలో గంటలు రాసుకోవచ్చు. అక్కడ ఇదంతా చట్టబద్ధమే. ఇక్కడ మాత్రం ఇన్‌స్ట్రక్టర్‌తో ఎగిరింది డ్యూయల్, అంటే శిక్షణ గంటల కిందికి వెళ్తుంది, సేఫ్టీ పైలట్ సమయం పీఐసీ లెక్కలోకి రాదు.

ఒక ఉదాహరణ లెక్క చూడండి. ఒక కుర్రాడు 252 గంటలతో తిరిగొచ్చాడనుకుందాం. పీఐసీ గడి మొత్తం 158. చూడ్డానికి కావాల్సినదానికంటే 58 ఎక్కువే. ఇప్పుడు ఒక్కో పేజీ విప్పి విడదీస్తే ఇలా ఉంటుంది: ప్రైవేట్ లైసెన్స్‌కి ముందు ఒంటరిగా ఎగిరింది 12 గంటలు, ఆ తర్వాత ఒంటరిగా ఎగిరింది 58, ఇన్‌స్ట్రక్టర్ పక్కనుండగా 58, సేఫ్టీ పైలట్‌గా 30. డీజీసీఏ లెక్కకి మిగిలేది 70 గంటలే. ఇంకా 30 గంటలు ఒంటరిగా ఎగరాలి. ఇక్కడ చిన్న విమానానికి గంటకు 15 వేలే అనుకున్నా నాలుగున్నర లక్షలు. ఆపైన ఫ్లయింగ్ స్కూల్లో సొంత విద్యార్థులు వరుసలో ఉండగా బయటివాడికి విమానం ఎప్పుడు దొరుకుతుందో ఎవరూ మాట ఇవ్వరు.

దూర ప్రయాణం విషయంలోనూ ఇదే జరుగుతుంది. డీజీసీఏకి పీఐసీగా 20 గంటల క్రాస్ కంట్రీ కావాలి, అందులో ఒకటి 300 నాటికల్ మైళ్లకు తగ్గకుండా, దారిలో రెండు వేర్వేరు ఎయిర్‌ఫీల్డుల్లో దిగి పూర్తిగా ఆగి ఉండాలి. అమెరికాలోనూ 300 మైళ్ల ప్రయాణం ఉంది కానీ దాన్ని ఇన్‌స్ట్రక్టర్‌ని పక్కన పెట్టుకుని చేసినా అక్కడ సరిపోతుంది. అలా చేసొస్తే ఇక్కడ మళ్లీ చేయాలి. రాత్రి ఫ్లయింగ్ 5 గంటలు, 10 టేకాఫ్‌లు, 10 ల్యాండింగ్‌లు కూడా విమానంలో ఒక్కడే ఉండి పూర్తి చేసుకోవడం మంచిది. స్కూల్లో చేరిన మొదటి వారమే చీఫ్ ఇన్‌స్ట్రక్టర్‌కి ఈ అవసరాలు ఒక కాగితం మీద రాసి ఇవ్వాలి. మామూలుగా వాళ్లు వాళ్ల దేశపు సిలబస్ ప్రకారమే నడిపిస్తారు. స్కూలు ఎఫ్‌ఏఏ ఆమోదించిన సిలబస్‌తో, పార్ట్ 141 అనే నిబంధనల కింద నడిచేదైతే అక్కడి సీపీఎల్ 190 గంటలకే వచ్చేస్తుంది, అంటే మొత్తం గంటలే 10 తక్కువ పడతాయి. ఇది కూడా ముందే అడగండి.

ఇంకో చిన్న తప్పు, కానీ ఫైలు వెనక్కి రావడానికి ఇది చాలు. అమెరికాలో గంటల్ని దశాంశాల్లో రాస్తారు. 1.3 అంటే ఒక గంట 18 నిమిషాలు. ఇక్కడి లాగ్‌బుక్ గంటలు, నిమిషాల్లో ఉంటుంది. తొందరలో 1.3ని 1:30గా ఎక్కిస్తే ఒక్క వరుసలోనే 12 నిమిషాలు తేడా. రెండు పుస్తకాల మొత్తాలు కలవవు, అప్పుడు మొదటి పేజీ నుంచి మళ్లీ సరిచూడాలి. అక్కడున్నప్పుడే వారం వారం మార్చి రాసి, ఇన్‌స్ట్రక్టర్ సంతకం చేయించుకుంటే ఈ బాధ ఉండదు.

ఇక వరుస. చాలామంది ముందు వీసా, తర్వాత పరీక్షలు అనుకుంటారు. దీన్ని తిరగేయాలి. మొదట ప్రాథమిక వైద్య పరీక్ష అయిన క్లాస్ 2 మెడికల్, తర్వాత డీజీసీఏ పరీక్షలు రాయడానికి కావాల్సిన కంప్యూటర్ నంబర్, ఆపైన కమర్షియల్ పైలట్‌కి తప్పనిసరైన క్లాస్ 1 మెడికల్. కళ్ల దగ్గరో, గుండె దగ్గరో ఏదైనా అభ్యంతరం వస్తే తాకట్టు పెట్టకముందే తెలిసిపోతుంది. క్లాస్ 1 వచ్చేదాకా స్కూలుకి ఒక్క రూపాయి కట్టొద్దు. తర్వాత నావిగేషన్, మెటీరియాలజీ, రెగ్యులేషన్స్ పేపర్లు ఇక్కడే రాసి పాసవ్వాలి. ప్రతి దాంట్లో 70 శాతం రావాలి. రేడియో లైసెన్స్ కోసం ఆర్‌టీఆర్ పరీక్ష వేరే ఉంటుంది.

విదేశీ లైసెన్స్ ఉన్నవాళ్లు తిరిగొచ్చాక రెగ్యులేషన్స్, నావిగేషన్-మెటీరియాలజీ కలిపిన కాంపోజిట్ అనే రెండు పేపర్లు రాసే దారి కూడా ఉంది. తేలిగ్గా కనిపిస్తుంది కానీ అందులో కాలం అడ్డొస్తుంది. లైసెన్స్ దరఖాస్తుకి ముందు ఆరు నెలల్లోపు చేసిన స్కిల్ టెస్టులే పనికొస్తాయి. వచ్చి పేపర్లకి చదువుతూ, ఒకసారి తప్పి మళ్లీ రాస్తూ ఎనిమిది నెలలు గడిస్తే, అమెరికాలో చేసిన టెస్టులకి గడువు దాటిపోతుంది. అప్పుడు ఇక్కడ విమానం అద్దెకి తీసుకుని, ఎగ్జామినర్‌తో పగటి, రాత్రి టెస్టులన్నీ మళ్లీ చేయాలి. అందుకే పేపర్లు పాసైన ఫలితాలు చేతిలో పట్టుకుని వెళ్లడమే మేలు.

ఉద్యోగం సంగతి సూటిగా చెప్తాను. అమెరికాలో దొరుకుతుందనే ఆశ పెట్టుకోవద్దు. ఫ్లయింగ్ స్కూళ్లు ఎక్కువగా ఇచ్చే ఎం-1 వీసా మీద చదువుకుంటూ ఉద్యోగం చేయడానికి వీల్లేదు. పైగా అక్కడి ఎయిర్‌లైన్‌లో కూర్చోవాలంటే మామూలుగా 1,500 గంటలు ఉండాలి. ఇండియాలో అయితే 2023లో ఒక్క ఏడాదిలోనే డీజీసీఏ 1,622 సీపీఎల్‌లు ఇచ్చింది. 200 గంటల లైసెన్స్‌తో వచ్చే ప్రతివాడూ ఆ వరుసలోనే నిలబడతాడు. ఎయిర్‌లైన్ నోటిఫికేషన్ వచ్చినప్పుడు రాత పరీక్ష, ఆప్టిట్యూడ్, ఇంటర్వ్యూ, సిమ్యులేటర్ చెక్ దాటాలి. ఏ320 లాంటి ఒక్కో రకం విమానం నడపడానికి కావాల్సిన అర్హత, టైప్ రేటింగ్, వేరే, దానికి దాదాపు 20 లక్షలు. ఉద్యోగం ఖాయం కాకముందే సొంత డబ్బుతో టైప్ రేటింగ్ చేయించుకోవడం నేనైతే వద్దంటాను. వాడకుండా నెలలు గడిస్తే మళ్లీ సిమ్యులేటర్ ఖర్చు తప్పదు.

కాబట్టి 45 లక్షల మాట పక్కన పెట్టి నాన్నగారితో ఈ లెక్క వేయండి. ఏడాది ఇల్లు, తిండి, ప్యాకేజీలో లేని ఎగ్జామినర్ ఫీజులు, కనీస గంటల్లో పూర్తికాక పడే అదనపు ఫ్లయింగ్, తిరిగొచ్చాక మార్పిడి, చివర్లో టైప్ రేటింగ్. అన్నీ కలిపితే 80 లక్షలు దాటొచ్చు. దానికి తోడు జీతం లేకుండా ఏడాదో, ఏడాదిన్నరో అప్పు మీద వడ్డీ కట్టగలగాలి. అంత లేకపోతే ఇక్కడి డీజీసీఏ ఆమోదిత స్కూల్లో ఆలస్యమైనా చేయడం మంచిది. మార్పిడి గొడవ ఉండదు, విడతలుగా కట్టుకోవచ్చు.

అమెరికాకే వెళ్లాలనుకుంటే, ఈ ఏడాది అక్కడ పూర్తిచేసి ఇండియన్ సీపీఎల్ పొందిన ఇద్దరు విద్యార్థులతో మాట్లాడించమని కన్సల్టెన్సీని అడగండి. వాళ్లని అడగాల్సింది ఒక్కటే: పీఐసీ గడిలో ఉన్నవాటిలో డీజీసీఏ ఎన్ని గంటలు ఒప్పుకుంది?