అల్ట్రా నుంచి ఏది దించాలి, ఏది వదిలేయాలి?

"అన్నీ అల్ట్రాలో పెడితే 45 ఎఫ్‌పీఎస్ వస్తోంది. అన్నీ మీడియంకి దించితే గేమ్ చూడబుద్ధి కావట్లేదు. ఏవి తగ్గిస్తే 60 వస్తుంది?"

రే ట్రేసింగ్ ఆన్‌లో ఉంటే మొదట దాన్ని ఆపండి. సాధారణంగా అన్నిటికన్నా బరువైనది అదే. ఆ తర్వాత వాల్యూమెట్రిక్ ఫాగ్, షాడోస్. ఈ రెండూ అల్ట్రా నుంచి హైకి, చాలకపోతే మీడియంకి దించండి.

ఫాగ్ గీయాలంటే కెమెరా నుంచి చూపు వెళ్లే దారి పొడవునా ఎక్కడెక్కడ ఎంత వెలుతురు పడుతోందో అంచెలంచెలుగా లెక్కకట్టాలి. అల్ట్రాలో ఆ లెక్కలు బాగా పెరుగుతాయి. కానీ పొగమంచు ఎలాగూ మసకే కదా, అందులో వివరం తగ్గినా కంటికి ఆనదు. మరీ "లో" సెట్టింగ్‌కి దించితే మాత్రం కిటికీలోంచి పడే వెలుగు చారలు గళ్లుగళ్లుగా కదులుతుంటాయి. అలా కనిపిస్తే ఒక మెట్టు పైకి పెట్టండి.

నీడల కోసం గేమ్ అదే దృశ్యాన్ని దీపం వైపు నుంచి మళ్లీ గీస్తుంది. అలా గీసిన షాడో మ్యాప్ 4096 నుంచి 2048కి దిగితే పిక్సెళ్లు నాలుగో వంతు అవుతాయి. తేడా నీడ అంచుల్లోనే, అదీ ఆగి చూస్తేనే తెలుస్తుంది. షాడో డిస్టెన్స్ విడిగా ఉంటే దాన్ని జాగ్రత్తగా తగ్గించండి. మరీ తగ్గిస్తే నడుస్తుంటే కళ్లముందే నీడలు పుట్టుకొస్తాయి, అది చాలా చికాకు.

ఎంత మిగిలిందో ఫ్రేముల్లో కాదు, మిల్లీసెకన్లలో చూడండి. 45 ఎఫ్‌పీఎస్ అంటే ఫ్రేముకి 22.2, 60 అంటే 16.7. మీరు మిగల్చాల్సింది 5.5 మిల్లీసెకన్లు. ఫాగ్ దించితే 45 కాస్తా 50 అయిందనుకోండి, అంటే 2.2 మిగిలింది, ఇంకా 3.3 కావాలి. బరువైన ఒకే చోట నిలబడి, ఒక్కొక్క సెట్టింగే మారుస్తూ రాసుకోండి. రెండు మూడు కలిపి మారిస్తే ఏది ఎంత ఇచ్చిందో తెలియదు.

టెక్స్చర్లను మాత్రం ఊరికే తగ్గించకండి. గ్రాఫిక్స్ కార్డు మెమరీలో పట్టినంతవరకు వాటివల్ల ఫ్రేములు దాదాపు తగ్గవు, తగ్గిస్తే గోడలూ ముఖాలూ వెంటనే పేలవమవుతాయి. మెమరీ నిండితే మాత్రం సగటు బాగానే ఉన్నా ఉండుండి గేమ్ కుదుపుతుంది. అప్పుడు ఒక మెట్టు దించండి. అనిసోట్రోపిక్ ఫిల్టరింగ్ 16x లోనే ఉంచండి. దాని ఖర్చు స్వల్పం, దూరంగా సాగే రోడ్డు మసకబారకుండా కాపాడేది అదే.

ఇవన్నీ దించినా ఎఫ్‌పీఎస్ కదలకపోతే రిజల్యూషన్ 720pకి పెట్టి చూడండి. అప్పుడూ 45 దగ్గరే ఉంటే అడ్డం పడుతున్నది ప్రాసెసర్. అలాంటప్పుడు వ్యూ డిస్టెన్స్, క్రౌడ్ డెన్సిటీ తగ్గించాలి. ఫాగ్‌ని తిరిగి అల్ట్రాలో పెట్టుకున్నా పోయేదేమీ లేదు.