ఎక్స్‌రే బాగానే ఉంది, కూర్చుంటే మాత్రం తోకఎముక నొప్పి

ప్రశ్న: నా వయసు 34. శ్రీకాకుళంలో రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగం. ఆమదాలవలస నుంచి బస్సులో వెళ్లి వస్తాను. మూడు నెలల క్రితం తడి మెట్ల మీద జారి కూలబడ్డాను. అప్పటి నుంచి వెన్ను చివర నొప్పి. కుర్చీలోంచి లేచేటప్పుడు ప్రాణం పోతుంది. ఎక్స్‌రేలో ఎముక విరగలేదన్నారు. నడుమ బెజ్జం ఉన్న గుండ్రటి దిండు కొన్నాను, ఫలితం లేదు. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: లేచే క్షణంలో నొప్పి భగ్గుమనడం తోకఎముక దెబ్బకు ముఖ్యమైన గుర్తు. తోకఎముక మూడు నుంచి ఐదు చిన్న పూసల ముక్క. కూలబడినప్పుడు అది విరగకపోయినా, దాన్ని పట్టి ఉంచే కీలు, లిగమెంట్లు అనే పట్టీలు సాగి వదులవుతాయి. అలా వదులైన ఎముక కూర్చున్నప్పుడు లోపలికో వెనక్కో ఒరిగి, లేవగానే మళ్లీ తన చోటికి వస్తుంది. మామూలు ఎక్స్‌రే నిలబెట్టో పడుకోబెట్టో తీస్తారు కాబట్టి ఈ కదలిక అందులో కనిపించదు. నిలబడి ఒకటి, నొప్పి పుట్టేలా కూర్చుని ఒకటి, పక్క నుంచి రెండు ఎక్స్‌రేలు తీసి పోల్చితే తెలుస్తుంది. ఎముకల డాక్టరును ఆ మాట అడగండి.

పడిన దెబ్బ ఒక ఎత్తు, మానకుండా చేస్తున్నది మీ కుర్చీ. నిటారుగా కూర్చుంటే బరువు పిరుదుల కింది రెండు ఎముకల మీద పడుతుంది. మధ్యాహ్నం అలసి నడుము ముందుకు జార్చి వెనక్కి వాలగానే అదంతా తోకఎముక మీదికి వస్తుంది. గుండ్రటి దిండు పని చేయకపోవడానికి కారణమూ ఇదే. దాని వెనుక అంచు సరిగ్గా నొప్పి ఉన్న చోటే ఒత్తుతుంది. వెనుక వైపు పూర్తిగా తెరిచి, గుర్రపు నాడా ఆకారంలో కోసిన గట్టి ఫోమ్ దిండు తీసుకోండి. తెరిచిన వైపు కుర్చీ వీపు వైపు ఉండాలి. బస్సులోనూ అదే వేసుకోండి. అరగంటకోసారి లేవండి. లేచే ముందు కుర్చీ అంచుకు జరిగి, నడుము వంచి, బరువు తొడల మీదికి తెచ్చుకుని లేస్తే ఆ పోటు చాలా తగ్గుతుంది.

మలబద్ధకం ఉంటే ముందు దాన్ని సరిచేసుకోండి. ముక్కినప్పుడల్లా ఆ ఎముక మీద ఒత్తిడి పడుతుంది.

ఒక్కటి గట్టిగా చెప్పాలి. మందుల షాపులో నొప్పి మాత్రలు కొని నెలల తరబడి మింగవద్దు. ఉద్దానం కిడ్నీ జబ్బు ఉన్న జిల్లా మనది. కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష చేయించి, డాక్టరు రాసినన్ని రోజులే వాడండి.

ఆరు నుంచి ఎనిమిది వారాలు ఇలా చేసినా తగ్గకపోతే కటి కండరాలను వదులు చేసే ఫిజియోథెరపీ, ఆపైన ఆ చోట స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఉన్నాయి. ఎముక తీసేసే ఆపరేషన్ చాలా అరుదుగా, అన్నీ విఫలమైనప్పుడే చేస్తారు. పిరుదుల చీలికలో గడ్డ లేదా చీము, జ్వరం, పడుకున్నా తగ్గని నొప్పి, మలంలో రక్తం కనిపిస్తే మాత్రం అన్ని వారాలు ఆగవద్దు. తొడల మధ్య మొద్దుబారినా, మూత్రం పట్టు తప్పినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.