ఎర్ర వెలుగు వస్తున్నా సౌండ్‌బార్ పలకకపోతే

ప్రశ్న: కొత్త టీవీకి మా పాత సౌండ్‌బార్‌ను ఆప్టికల్ కేబుల్‌తో కలిపాను. కేబుల్ కొసన ఎర్ర వెలుగు కనిపిస్తోంది, శబ్దం మాత్రం రావడం లేదు. కేబుల్ మార్చాలా, లేక హెచ్‌డీఎంఐ ఏఆర్‌సీకి మారిపోవాలా?

రెండూ ఇప్పుడే వద్దు. టీవీ సెట్టింగుల్లో సౌండ్ విభాగంలోకి వెళ్లి, డిజిటల్ ఆడియో అవుట్‌పుట్ ఫార్మాట్ ఎక్కడుందో వెతికి, అక్కడ Auto అని ఉంటే PCM పెట్టండి. నూటికి తొంభై పాళ్లు అక్కడే తేలిపోతుందని నా నమ్మకం. ఆప్టికల్ కేబుల్ పని వెలుగును ఈ కొస నుంచి ఆ కొసకు చేర్చడమే. మీ కేబుల్ ఆ పని చేస్తోంది. ఆ వెలుగు మోసుకొచ్చిన సంకేతాన్ని విప్పి శబ్దంగా మార్చడం సౌండ్‌బార్ వంతు. చిక్కు సాధారణంగా అక్కడ వస్తుంది.

మా అక్కయ్య వాళ్లింట్లో సరిగ్గా ఇదే జరిగింది. సౌండ్‌బార్ పాతదే, ఏళ్ల తరబడి చక్కగా పనిచేసింది. టీవీ మార్చిన రోజు నుంచి మూగబోయింది. బావగారు కేబుల్ మార్చారు, ఫలితం లేదు. చూడటానికి వచ్చిన మెకానిక్ దాన్ని విప్పకుండానే లోపల బోర్డు పోయిందని, కొత్తది కొనుక్కోవడం మేలని చెప్పి వెళ్లాడు. నేను వెళ్లేసరికి ఇంట్లో కొత్త సౌండ్‌బార్ల గురించి చర్చ నడుస్తోంది. అప్పుడు అక్కయ్య ఒక మాట అంది: "బొత్తిగా పోయిందని ఎలా అంటారు? సినిమా మధ్యలో ప్రకటనలు వచ్చినప్పుడు బాగానే వినిపిస్తోంది కదా!"

ఆ ఒక్క మాటతో నాకు విషయం అర్థమైంది. బోర్డు పోయిన సౌండ్‌బార్ ప్రకటనలకు పలికి సినిమాకు ఊరుకోదు. ఆ ప్రకటనల శబ్దం మామూలు స్టీరియో. టీవీ దాన్ని పీసీఎం రూపంలో, అంటే కుదించకుండా, పంపుతోంది. అది ఏ సౌండ్‌బార్‌కైనా అర్థమవుతుంది. సినిమా శబ్దం డాల్బీ 5.1లో ఉంది. ఫార్మాట్ Auto మీద ఉండటంతో టీవీ దాన్ని విప్పకుండా డాల్బీ డిజిటల్ రూపంలోనే ఆప్టికల్ గుండా పంపేస్తోంది. సౌండ్‌బార్ మాన్యువల్ తీయించి చివరి పేజీల్లో వివరాలు చూస్తే, ఆప్టికల్ ఇన్‌పుట్ ఎదురుగా పీసీఎం ఒక్కటే రాసి ఉంది. చదవడం రాని వాడికి ఉత్తరం అందినట్టే. టీవీలో PCM పెట్టగానే సినిమా మధ్యలోనే మాటలు వినిపించడం మొదలైంది. పాత టీవీలో ఆ సెట్టింగు మొదటి నుంచీ PCM మీదే ఉండి ఉంటుంది, అందుకే అన్నేళ్లూ ఎవరికీ దాని అవసరం పడలేదు.

PCM పెడితే సరౌండ్ పోతుందని కొందరు భయపెడతారు. ఆప్టికల్ మీద పీసీఎం రెండు ఛానెళ్లే వెళ్తుందన్న మాట నిజమే. కానీ మీ సౌండ్‌బార్‌లో ఎడమ, కుడి స్పీకర్లు, మహా అయితే ఒక సబ్‌వూఫర్ మాత్రమే ఉంటే మీరు కోల్పోయేదేమీ లేదు. విడిగా వెనుక స్పీకర్లు ఉండి, డాల్బీ డిజిటల్‌ను విప్పగల సౌండ్‌బార్ అయితే మాత్రం, శబ్దం వస్తోందని తేల్చుకున్నాక మళ్లీ Auto లేదా Dolby Digital పెట్టి చూడండి.

ఈ సెట్టింగును దాచిపెట్టే తీరు మీద నాకు చాలా కోపం. ఒక టీవీలో అది సౌండ్ కింద ఉంటుంది, ఇంకో దానిలో ఎక్స్‌పర్ట్ సెట్టింగుల లోపల ఉంటుంది. పేరు కూడా ఒక్కో కంపెనీది ఒక్కో రకం. సౌండ్‌బార్ల తయారీదారులు కూడా తక్కువ తినలేదు. వచ్చిన సంకేతం అర్థం కాలేదని చెప్పడానికి ఒక చిన్న తెర పెట్టకుండా, ఒక్క దీపంతో సరిపెడతారు. ఇక బంగారు పూత ఆప్టికల్ కేబుళ్లు అమ్మేవారి సంగతి సరేసరి. కేబుల్‌లో ప్రయాణించేది వెలుగు. మొనకు బంగారం పూసినా వెలుగుకు ఒరిగేదేమీ లేదు.

కేబుల్ విషయంలో చూడాల్సింది వేరే ఉంది. కొత్త కేబుల్ రెండు మొనలకూ చిన్న ప్లాస్టిక్ టోపీలు ఉంటాయి. పారదర్శకంగా ఉంటే వాటి గుండా వెలుగు కనిపిస్తూనే ఉంటుంది, మొన మాత్రం సాకెట్‌లోకి పూర్తిగా దిగదు. వాటిని తీసేసి, టక్కుమని చప్పుడయ్యేదాకా నొక్కండి. కేబుల్‌ను గోడ మూలలో మడిచి నొక్కేయకండి. సౌండ్‌బార్ ఇన్‌పుట్ బ్లూటూత్ మీద కాకుండా ఆప్టికల్ మీద ఉందో లేదో కూడా చూడండి. దాని పేరు OPT, D.IN లాంటిది ఉంటుంది.

ఇంకో పరీక్ష కూడా చేయండి. అదే సినిమాను టీవీ సొంత స్పీకర్ల మీద పెట్టండి. అక్కడా శబ్దం లేకపోతే సౌండ్‌బార్‌ను అనుమానించి లాభం లేదు. పెన్‌డ్రైవ్‌లోని సినిమాల విషయంలో ఇది తరచుగా కనిపిస్తుంది. వాటిలో శబ్దం డాల్బీ లాంటి మరో ఫార్మాట్ అయిన డీటీఎస్‌లో ఉంటే చాలా టీవీలు దాన్ని విప్పలేవు, అప్పుడు PCM పెట్టినా ప్రయోజనం ఉండదు. సెట్‌టాప్ బాక్స్ ఛానెళ్లకు మాత్రమే శబ్దం రాకపోతే, బాక్స్ మెనూలోనూ ఆడియో ఫార్మాట్ ఉంటుంది. అక్కడా PCM పెట్టాలి.

ఇక ఏఆర్‌సీ. టీవీ శబ్దాన్ని హెచ్‌డీఎంఐ కేబుల్ గుండానే సౌండ్‌బార్‌కు పంపే ఈ పద్ధతి 2009లో హెచ్‌డీఎంఐ 1.4తో వచ్చింది. వైరు మార్చినంత మాత్రాన ఫార్మాట్ చిక్కు తొలగిపోతుందని చెప్పలేం, డాల్బీ విప్పలేని సౌండ్‌బార్ ఏఆర్‌సీ మీద కూడా మౌనంగానే ఉండవచ్చు. ఏఆర్‌సీతో అసలు లాభం వేరు. ఆప్టికల్ కేబుల్ రిమోట్ ఆదేశాలను మోయదు. ఏఆర్‌సీ అయితే టీవీ రిమోట్‌తోనే సౌండ్‌బార్ వాల్యూమ్ తగ్గించుకోవచ్చు, పెంచుకోవచ్చు. ఆ సౌకర్యం కావాలంటే మారండి.

మారేటప్పుడు టీవీలో ARC అని రాసి ఉన్న పోర్టుకే కలపాలి. అది సాధారణంగా ఒక్కటే ఉంటుంది. సౌండ్‌బార్ వైపు రెండు హెచ్‌డీఎంఐ సాకెట్లు ఉంటే, IN అని రాసిన దానికి కాకుండా OUT లేదా TV ARC అని రాసిన దానికి పెట్టాలి. టీవీ నుంచి శబ్దం లోపలికి వస్తోంది కదా అని చాలామంది IN లోనే పెడతారు. పేరు OUT అయినా శబ్దం ఆ సాకెట్‌లోనే వెనక్కి వస్తుంది. తర్వాత టీవీ, సౌండ్‌బార్ ఒకదాని ఆదేశాలు మరొకటి వినేలా చేసే సీఈసీని టీవీలో ఆన్ చేయాలి. దీనికి Anynet+, Simplink, Bravia Sync అంటూ ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెట్టుకుంది. ఆపై సౌండ్ అవుట్‌పుట్‌లో హెచ్‌డీఎంఐ ఏఆర్‌సీని ఎంచుకోవాలి. ఆ సమయంలో ఆప్టికల్ కేబుల్‌ను తీసేయండి. అప్పటికీ పలకకపోతే టీవీని, సౌండ్‌బార్‌ను రెండింటినీ ప్లగ్ నుంచి తీసి, కొన్ని నిమిషాలాగి, మళ్లీ పెట్టండి. రిమోట్‌తో ఆపడం సరిపోదు, స్టాండ్‌బైలో రెండూ పాత సంభాషణనే పట్టుకుని కూర్చుంటాయి.

PCM పెట్టి, టోపీలు తీసి, ఇన్‌పుట్ సరిచూసినా ఆప్టికల్ మీద శబ్దం రాకపోతే, అదే కేబుల్‌ను ఆప్టికల్ అవుట్ ఉన్న మరో పరికరానికి కలిపి చూడండి. అక్కడ పలికితే లోపం టీవీ వైపే ఉంది. అక్కడా పలకకపోతే బ్లూటూత్‌తో పాట పెట్టండి. పాట వినిపిస్తే స్పీకర్లు, ఆంప్లిఫయర్ బాగున్నట్టే, లోపం ఆప్టికల్ ఇన్‌పుట్‌లోనో కేబుల్‌లోనో ఉంది. మీ సౌండ్‌బార్‌కు ఏఆర్‌సీ సాకెట్ ఉంటే అప్పుడు దానికి మారండి.