ఐదో నెలలో పక్కకు తిరిగితే కలుక్కుమంటే

ప్రశ్న: "నాకు ఐదో నెల. పక్క మీద అటు నుంచి ఇటు తిరిగితే పొత్తికడుపులో కుడివైపు పొడిచినట్టు నొప్పి వస్తోంది. నడుము కూడా లాగేస్తోంది. ఏం చేస్తే తగ్గుతుంది?"

నాకైతే తుమ్ముతో మొదలైంది. తెల్లవారుజామున కాళ్ళు బారచాపుకుని పడుకున్నాను. తుమ్మీ తుమ్మగానే కుడి గజ్జలో కలుక్కుమంది. నిమిషంలోపే నొప్పి పోయింది కానీ టెన్షన్ మాత్రం డాక్టర్ గారిని కలిసేదాకా వదల్లేదు. ఆవిడ పొట్ట నొక్కి చూసి, యూరిన్ పరీక్ష చేయించి, రౌండ్ లిగమెంట్ నొప్పి అన్నారు. గర్భసంచికి రెండు పక్కల నుంచీ గజ్జల్లోకి దిగే పట్టీలవి. సంచి పెరిగేకొద్దీ సాగుతుంటాయి. ఆ బిగువు మీద ఉన్నట్టుండి కదిలితే చురుక్కుమంటాయి. గర్భసంచి సాధారణంగా కాస్త కుడికి తిరిగి ఉంటుంది, అందుకే కుడివైపు ఎక్కువ.

నన్నడిగితే, ఏ దిండు వాడామన్నదాని కంటే ఎలా కదిలామన్నదే ముఖ్యం. తుమ్ము వస్తోందనగానే మోకాళ్ళు పొట్టవైపు మడిచేయండి. నిలబడి ఉంటే కాస్త ముందుకు వంగండి, పట్టీల బిగువు తగ్గుతుంది. పక్కకు తిరిగేటప్పుడు ముందు మోకాళ్ళు మడిచి దగ్గరకు చేర్చి, భుజాలు, తుంటి ఒకేసారి తిప్పండి. లేచేటప్పుడు పక్కకు ఒత్తిగిలి, కాళ్ళు మంచం కిందకి దించుతూ చేతులతో నెట్టుకుని కూర్చోండి. నడుము మెలిపడదు కాబట్టి దానికీ ఇదే మందు.

"ఎడమవైపే పడుకో" అని అందరూ చెప్తారు. అటు ఎలా తిరగాలో ఒక్కరూ చెప్పరు! మనిషంత పొడవున్న ఆ గర్భిణుల దిండు కూడా నాకు నచ్చలేదు. తిరిగిన ప్రతిసారీ దాన్నీ ఎత్తి తిప్పాలి, మళ్ళీ కలుక్కు. మోకాళ్ళ మధ్య మామూలు దిండు, పొట్ట కింద మడిచిన దుప్పటి చాలు.

నడుముకి నాకు బాగా పనిచేసింది ఒక్కటే. చేతులు, మోకాళ్ళ మీద ఉండి, ఊపిరి వదులుతూ వీపు మెల్లగా పైకి గుండ్రంగా వంచి, కొన్ని క్షణాలు ఆగి, మళ్ళీ సమంగా తేవాలి. పొట్టని కిందకి జారనివ్వకూడదు. పదిసార్లు చేస్తే లాగుడు సడలేది. గోరువెచ్చని కాపడం నడుముకి పెట్టుకోవచ్చు, కానీ బాగా వేడిది వద్దు. ఇంట్లో ఉన్న ఐబుప్రోఫెన్ మాత్రం వేసుకోకండి. పారాసెటమాల్ అయినా డాక్టర్ని అడిగే వేసుకోండి.

ఈ నొప్పి కదిలినప్పుడు వచ్చి, ఆగితే పోతుంది. అలా కాకుండా ఆగి ఆగి ఒక లయలో వస్తున్నా, విశ్రాంతి తీసుకున్నా తగ్గకపోయినా, రక్తం కనిపించినా, నీరు పోతున్నా, జ్వరం, వాంతులు, మూత్రంలో మంట ఉన్నా తెల్లారేదాకా ఆగకుండా వెంటనే ఆస్పత్రికి వెళ్ళండి. "కడుపుతో ఉన్నప్పుడు ఇవన్నీ మామూలే" అనేవాళ్ళ మాట అప్పుడు అసలు వినొద్దు.