కార్టు పంపడం వేరు, డబ్బు చేరడం వేరు

ప్రశ్న: "వాట్సాప్‌లో కేటలాగ్ చూసి చాట్‌లోనే డబ్బు కట్టాను. ఖాతాలో కట్ అయింది, చాట్‌లో మాత్రం 'ప్రాసెసింగ్' అనే ఉంది. షాపు వాళ్లు రాలేదంటున్నారు. మళ్లీ కట్టాలా?"

ఇప్పుడే మళ్లీ కట్టకండి. పోయిన దసరా ముందు నేను ఆగలేక కట్టేశాను, అందుకే చెబుతున్నాను.

మాది తిరుపతి. శ్రీకాళహస్తిలో కలంకారీ వేసే ఒక షాపు కేటలాగ్ నుంచి చెల్లెళ్లకని రెండు దుపట్టాలు కార్టులో వేశాను. ఒక్కోటి రూ.1,450, మొత్తం రూ.2,900. కార్టు పంపగానే ఆర్డర్ అయిపోయిందనుకున్నాను. నిజానికి అది "ఇవి కావాలి" అని మెసేజ్ పెట్టినట్టు మాత్రమే. కలంతో చేత్తో వేసిన బట్ట కాబట్టి ఏ రెండూ ఒకేలా ఉండవు. ఫొటోలో ఉన్న నెమళ్ల దుపట్టా అప్పటికే అమ్ముడైపోయిందట. షాపాయన ఉన్నవాటి ఫొటోలు పెట్టి, నేను సరే అన్నాక కొరియర్‌కు రూ.80 కలిపి రూ.2,980కి ఆర్డర్ పంపాడు. దాన్ని నొక్కి, యూపీఐ యాప్ ఎంచుకుని, షాపు పేరు, మొత్తం సరిచూసుకుని పిన్ కొట్టాను.

బ్యాంకు మెసేజ్ వచ్చింది, డబ్బు కట్ అయింది. చాట్‌లో మాత్రం ప్రాసెసింగ్. "ఇంకా రాలేదండీ" అన్నాడాయన. కొరియర్ బండి వెళ్లిపోతుందన్న టెన్షన్‌లో మళ్లీ కట్టాను. అది వెంటనే చేరింది. పావుగంటకు మొదటిదీ చేరింది!

మన బ్యాంకు డబ్బు తీసేశాక అవతలి బ్యాంకు నుంచి జవాబు ఆలస్యమైతే ఇలా మధ్యలో వేలాడుతుంది. అప్పుడు చేయాల్సింది ఒక్కటే. మీ యూపీఐ యాప్ హిస్టరీలో ఆ చెల్లింపు తెరవండి. 12 అంకెల యూటీఆర్ నంబర్ కనిపిస్తుంది. దాన్ని షాపు వాళ్లకు పంపి, వాళ్ల బ్యాంకు ఖాతాలో వెతకమనండి. స్క్రీన్‌షాట్ చూసి ఎవరూ నమ్మరు, నమ్మకూడదు కూడా, ఎందుకంటే దాన్ని ఎవరైనా తయారు చేయొచ్చు. వాళ్ల ఖాతాలో జమ కనిపిస్తేనే చేరినట్టు. నాకు రెండోసారి కట్టిన రూ.2,980 తిరిగొచ్చింది కూడా ఆ రెండు నంబర్లూ పంపాకే.

అసలు చేరకపోతే? షాపుకు కట్టిన యూపీఐ చెల్లింపు ఖాతాలో కట్ అయి అవతల ధృవీకరణ రాకపోతే, 5 రోజుల్లోగా దానంతటదే వెనక్కి రావాలని రిజర్వ్ బ్యాంకు 2019లో నియమం పెట్టింది. అంతకు మించితే రోజుకు రూ.100 పరిహారం ఇవ్వాలి. అప్పటికీ రాకపోతే అదే నంబర్‌తో మీ బ్యాంకులో ఫిర్యాదు చేయండి.

ఈలోపు "రీఫండ్ ఇస్తాం, పిన్ కొట్టండి" అని ఎవరైనా లింకు పంపితే ముట్టుకోకండి. మన ఖాతాలోకి డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు.